అడ్వాన్స్ ఎప్పుడు పోతుంది, ఎంత పోతుంది?

కూకట్‌పల్లిలో 60 లక్షలకు ఒక ఫ్లాట్ బేరం కుదిరిందనుకుందాం. కొనేవారు అగ్రిమెంట్ రోజున 6 లక్షలు, నెల తిరిగాక మరో 9 లక్షలు ఇచ్చారు. 90 రోజుల్లో రిజిస్ట్రేషన్ జరగాలి. బ్యాంకు లోన్ రాక గడువు దాటిపోయింది. ‘కొనేవారు మాట తప్పితే ఇచ్చిన సొమ్మంతా అమ్మేవారికే’ అని అగ్రిమెంట్‌లో ఉంది. మరి 15 లక్షలూ పోయినట్టేనా?

అంత సులువుగా పోవు. బేరానికి కట్టుబడతామన్న హామీగా ఇచ్చే బయానా వేరు, ధరలో భాగంగా కట్టే సొమ్ము వేరు. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. అక్కడ బయానా వెయ్యి రూపాయలు, ఆ తర్వాత ఇచ్చింది 24 వేలు. ఆ వెయ్యి అమ్మేవారు ఉంచుకోవచ్చంది, 24 వేలకు మాత్రం ఒప్పుకోలేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే.

అందుకే సొమ్మును కాగితం మీదే విడదీయాలి: ‘ఈ 6 లక్షలు బయానా. కొనేవారి తప్పు వల్ల అమ్మకం ఆగితే అమ్మేవారు దీన్ని ఉంచుకోవచ్చు. మిగతా 9 లక్షలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి.’ తప్పు అమ్మేవారిదైతే మొత్తం ఎన్నాళ్లలో వాపసు చేయాలో, ఏ వడ్డీతోనో కూడా ఉండాలి. లోన్ మీద ఆధారపడి కొనేవారు, లోన్ రాకపోతే బయానా సంగతేమిటో ముందే రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం లేకే ఎక్కువ మంది నష్టపోతున్నారని నా అభిప్రాయం.

ఇక గడువు. స్థిరాస్తి అమ్మకాల్లో తేదీ దాటినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోయినట్టు కోర్టులు సాధారణంగా భావించవు. తేదీయే ప్రాణమనుకుంటే ఆ సంగతి స్పష్టంగా రాయాలి. అంతకన్నా ముఖ్యం, 90 రోజులు ఎప్పటినుంచి లెక్క అన్నది. ఫ్లాటు మీద అమ్మేవారి హోమ్ లోన్ ఉంటే ఒరిజినల్ పత్రాలు బ్యాంకులోనే ఉంటాయి. అవి విడిపించి ఈసీ చేతికివ్వకుండా కొనేవారిని ‘గడువు దాటింది’ అనడం అన్యాయం. కాబట్టి అమ్మేవారు పత్రాలు చూపాల్సిన తేదీ ముందు, రిజిస్ట్రేషన్ తేదీ తర్వాత రాయాలి. మొదటిది ఎన్ని రోజులు జరిగితే రెండోదీ అన్నే రోజులు జరగాలి.

చివరి తేదీ దాటగానే ఒప్పందం రద్దంటే తగవు ముదురుతుంది. 15 రోజుల నోటీసు, స్పీడ్ పోస్టులో, అన్న షరతు పెట్టుకుంటే మేలు. ఈలోగా కొనేవారు డబ్బు సిద్ధంగా ఉందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, లోన్ మంజూరు లేఖ దాచుకోవాలి. రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లాల్సి వస్తే, మొదటినుంచీ తాను సిద్ధంగా ఉన్నానని రుజువు చేయాల్సింది ఆయనే. ఆ దావాకు గడువు, అగ్రిమెంట్‌లో రాసిన తేదీ నుంచి మూడేళ్లు.