పదహారో గీత దగ్గర ఏం జరిగింది?

రాత్రి భోజనానికి ముందు 16 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వమని డాక్టరు కేస్ షీట్‌లో రాశారు. డ్యూటీ నర్సు సిరంజిలో సరిగ్గా పదహారో గీత వరకే మందు తీసి ఇచ్చారు. అయినా పేషెంటు ఒంట్లోకి వెళ్లింది 40 యూనిట్లు. ఇది ఫలానా ఆస్పత్రిలో జరిగిన కథ కాదు, మందుల పొరపాటు మీద రిపోర్టు ఎలా రాస్తే పనికొస్తుందో చూపడానికి నేను అల్లిన ఉదాహరణ. లెక్క మాత్రం నిజమైనదే.

మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో అయితే మిల్లీలీటరుకు 100. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు, 40 వాటికి ఎర్ర మూత, 100 వాటికి నారింజ మూత. ఎర్ర మూత సిరంజిలో పదహారో గీత అంటే 0.4 మిల్లీలీటర్లు. ఆ మందు సీసాలోంచి తీస్తే 16 యూనిట్లు, కార్ట్రిడ్జ్‌లోంచి తీస్తే 40. గీత మారలేదు, మోతాదు రెండున్నర రెట్లయింది.

మర్నాడు ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. చేతికి ముందుగా వచ్చే వాక్యం ఇది: "నర్సు అజాగ్రత్త వల్ల ఇన్సులిన్ ఎక్కువైంది." ఆ వాక్యంలో జరిగిన సంగతి ఒక్కటీ లేదు, తీర్పు మాత్రం ఉంది. అది చదివినవాళ్లకు తోచే మందు కూడా ఒకటే: ఆమెను పిలిచి మందలించడం, అందరికీ ఒక క్లాసు పెట్టడం. సిరంజి గురించి ఎవరూ అడగరు.

సరైన రిపోర్టు ఇలా నడుస్తుంది: "రాత్రి 8.10కి డ్యూటీ నర్సు 100 యూనిట్ల కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో పదహారో గీత వరకు రెగ్యులర్ ఇన్సులిన్ తీసి ఇచ్చారు. 9.40కి పేషెంటు 'కళ్లు తిరుగుతున్నాయి' అన్నారు. ఒళ్లంతా చెమట. గ్లూకోమీటర్‌లో షుగర్ 44. డ్యూటీ డాక్టరు 9.45కి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు నరానికి ఎక్కించారు. 10.00కి షుగర్ 118. రాత్రి 12.30కి మళ్లీ 66." పేర్లు లేవు, హోదాలున్నాయి. పేషెంటు మాట ఆయన అన్నట్టే ఉంది. "కంగారులో", "పొరపాటున" లాంటి ఊహలు లేవు.

ఆ చివరి అంకె విడిచిపెట్టకూడనిది. ఎక్కించిన గ్లూకోజ్ త్వరగా ఖర్చయిపోతుంది, రెగ్యులర్ ఇన్సులిన్ పని మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగుతుంది, మోతాదు ఎక్కువైతే ఇంకాసేపు. 118 చూసి "కోలుకున్నారు" అని రాసి ముగిస్తే, రెండోసారి షుగర్ పడిపోయిన సంగతి రిపోర్టులోకి రాదు. తెల్లవారేదాకా గంటగంటకూ పరీక్షించాలన్న పాఠం కూడా దానితోనే పోతుంది.

ఇలా రాసుంటే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో ఎందుకు తీయాల్సి వచ్చింది? వార్డులో అడిగితే తెలిసింది: పెన్నుకు పెట్టే సూదులు రెండు రోజుల కిందటే అయిపోయాయి. సొరుగులో ఉన్నవి ఎర్ర మూత సిరంజిలే. పేషెంటు ఇంటినుంచి తెచ్చుకున్న కార్ట్రిడ్జ్ ఫ్రిజ్‌లో సీసాల పక్కనే ఉంది. ఆ రాత్రి వార్డుకు నర్సు ఒక్కరే. ఆ చోట ఎవరు నిలబడినా ఇదే జరిగి ఉండేది.

అందుకే రిపోర్టులో సూచనలు మనిషి మీద కాక సొరుగు మీద, ఫ్రిజ్ మీద ఉంటాయి. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు తీయడం పూర్తిగా ఆపాలి. పెన్ను వాడే పేషెంటుకు పెన్నూ సూదులూ ఫార్మసీ నుంచి కలిపే రావాలి, ఆ పెన్ను మరొకరికి వాడకూడదు. వార్డు స్టాకులో ఇన్సులిన్ ఒకే బలంలో, దానికి తగ్గ సిరంజి మాత్రమే ఉండాలి. ఇంటి మందు వస్తే ఫార్మసిస్టు చూసి లేబుల్ అంటించాకే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

చాలా రిపోర్టుల్లో మొదట కనబడే సూచన "ఇద్దరు సరిచూడాలి" అన్నది. నా దృష్టిలో ఇక్కడ అది చివరన ఉండాల్సింది. రాత్రి ఒక్కరే ఉన్న వార్డులో రెండో మనిషి ఎక్కడినుంచి వస్తారు? పక్క వార్డు నుంచి పరుగున వచ్చినవారు గీత చూసి "పదహారే" అని సంతకం పెట్టేస్తారు. గీత నిజంగానే పదహారు కదా! చూడాల్సింది కార్ట్రిడ్జ్ మీది 100 అంకెను. గోడకు అంటించే పోస్టరు దీనికన్నా బలహీనం. తప్పు సిరంజి సొరుగులో లేకుండా చేయడమే అన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే దానికి ఎవరి జ్ఞాపకంతోనూ పనిలేదు.

ప్రతి సూచన ఎదురుగా బాధ్యుల హోదా, తేదీ, పని జరిగిందని ఎలా తెలుస్తుందన్నది రాయాలి. ఇన్సులిన్ సొరుగు గడిలో ఉండే మాట ఇది: "నెల తర్వాత ఒక రాత్రి ఫార్మసిస్టు ముందుగా చెప్పకుండా వెళ్లి, ప్రతి వార్డులో సొరుగు తెరిచి, ఏ రంగు మూతలున్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయాలి."