మెసేజ్ ఉంది, సెర్చ్‌కి దొరకదు

ఇల్లు ఖాళీ చేస్తున్నారు. మూడేళ్ల కిందట కట్టిన అడ్వాన్సు ఎంతో తనకు గుర్తులేదంటున్నారు ఇంటి యజమాని. ‘అడ్వాన్సు ముట్టింది’ అని అప్పట్లో ఆయనే వాట్సాప్‌లో అంకెతో సహా పెట్టారు. ఫోన్ తీసి సెర్చ్‌లో ‘అడ్వాన్స్’ అని కొడితే ఏమీ రాలేదు. మెసేజ్ పోయిందని చాలామంది ఇక్కడే తేల్చేసుకుంటారు. అలా తేల్చుకోవడం తొందరపాటు.

సెర్చ్ చేసినప్పుడు ఫోన్ మీ మెసేజ్‌లను ఒక్కొక్కటిగా చదవదు. వేలకొద్దీ మెసేజ్‌లు చదువుతూ పోతే మీరు అక్షరం కొట్టగానే జవాబు రాదు. అందుకని యాప్ రెండు పట్టికలు పెట్టుకుంటుంది. మొదటిదాంట్లో మెసేజ్‌లు వచ్చిన వరుసలో ఉంటాయి. రెండోదాన్ని ఇండెక్సు అంటారు. ఏ మాట ఏయే నంబరు మెసేజ్‌లలో ఉందో మాత్రమే దాంట్లో రాసి ఉంటుంది. సెర్చ్ చూసేది ఈ రెండోదాన్నే.

పొలం కొనేముందు ఈసీ తీయించినవాళ్లకు ఈ తేడా కొత్త కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు నకలు ఒక పుస్తకంలో ఉంటే, మనుషుల పేర్లకూ ఆస్తి వివరాలకూ విడిగా ఇండెక్సులు ఉంటాయి. ఈసీ కోసం వెతికేది ఇండెక్సులోనే. అక్కడ సర్వే నంబరు తప్పు పడితే, దస్తావేజు భద్రంగా ఉన్నా ఈసీలో కనపడదు.

ఫోన్లో ఈ ఇండెక్సు వెనకబడే సందర్భాలు ఉన్నాయి. కొత్త ఫోన్‌కి బ్యాకప్ ఎక్కించినప్పుడు మెసేజ్‌లు ముందుగా వచ్చి, ఇండెక్సు తర్వాత తయారు కావచ్చు. యాప్ పెద్ద అప్‌డేట్ తీసుకున్నాక కూడా దాన్ని మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి రావచ్చు. కంప్యూటర్‌లో అవుట్‌లుక్ అయితే ఇంకా ఎన్ని మెయిళ్లు ఇండెక్స్ కావాలో చూపిస్తుంది. ఫోన్ యాప్‌లు చాలావరకు ఆ సంగతి చెప్పకుండా ‘ఫలితాలు లేవు’ అంటాయి. ఈ మాటే మనుషుల్ని కంగారు పెడుతోంది. ‘ఇంకా వెతకడం పూర్తికాలేదు’ అనడమే నిజాయితీ.

ఇండెక్సు పూర్తిగా ఉన్నా తెలుగు రాతతో మరో చిక్కు ఉంది. ఇండెక్సులో మాటలు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి చాలా యాప్‌లు మాట మొదటినుంచే పోల్చి చూస్తాయి. యజమాని రాసింది ‘అడ్వాన్సు’. మీరు కొట్టింది ‘అడ్వాన్స్’. మన కంటికి ఒకటే మాట. ఫోన్‌కి మాత్రం చివర కొమ్ము వేరు, పొల్లు వేరు. ‘అడ్వాన’ వరకే కొడితే రెండూ దొరుకుతాయి. ఆయన అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉంటే అలాగే కొట్టాలి. ‘పెళ్లిపత్రిక’ అని కలిపి రాసిన మెసేజ్ ‘పత్రిక’ అంటే రాకపోవడానికీ ఇదే కారణం. ఇక రసీదును ఫొటో తీసి పంపితే అందులోని అక్షరాలు చాలా యాప్‌ల ఇండెక్సులోకి ఎక్కవు.

మరి నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? సెర్చ్‌ని పక్కనపెట్టి తేదీని పట్టుకోండి. ఆ చాట్ తెరిచి సెర్చ్ నొక్కితే వాట్సాప్‌లో క్యాలెండర్ గుర్తు కనిపిస్తుంది. ఇంట్లో చేరిన నెలకు వెళ్లండి. మెసేజ్ అక్కడుంటే లోపం ఇండెక్సుది, లేదా మీరు కొట్టిన మాటది. నిన్నటి మెసేజ్‌లో ఉన్న మాట దొరికి, కళ్లెదుట ఉన్న పాత మెసేజ్‌లోని మాట, అక్షరం పొల్లుపోకుండా కొట్టినా, దొరకకపోతే ఇండెక్సు వెనకబడిందని అనుకోవచ్చు. ఆ తేదీల్లో చాట్ ఖాళీగా ఉంటే, లేదా ఒక రోజు దగ్గర ఆగిపోతే, అప్పుడు డేటా గురించి ఆలోచించాలి. అయితే ఈ పరీక్ష ఫోన్‌లోనే చేయాలి. కంప్యూటర్‌లో తెరిచే వాట్సాప్‌కి పాత మెసేజ్‌లన్నీ రావు.

ఈ తేడా తెలియక చేసే పనే అసలు నష్టం. సెర్చ్ పనిచేయడం లేదని యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. ఇండెక్సు పాడైతే మెసేజ్‌ల నుంచి మళ్లీ తయారు చేయవచ్చు. మెసేజ్‌లు పోతే ఇండెక్సు నుంచి వాటిని తిరిగి రాయలేం. వాట్సాప్ మీ పాత సంభాషణలను తన సర్వర్లో దాచిపెట్టదు. అవి ఉండేది మీ ఫోన్లో, మీరు తీసిన బ్యాకప్‌లో. చివరి బ్యాకప్ రెండు నెలల కిందటిదైతే యాప్ తీసేసిన క్షణాన ఆ రెండు నెలలూ పోయినట్టే. టెలిగ్రామ్ మామూలు చాట్లు సర్వర్లో ఉంటాయి కనుక అక్కడ ఈ ప్రమాదం లేదు. సీక్రెట్ చాట్లకు మాత్రం ఉంది.

కాబట్టి ముందు బ్యాకప్ తీయండి, అది పూర్తయిందో లేదో తేదీ చూసుకోండి. తర్వాత ఫోన్‌ని ఒక రాత్రి ఛార్జింగ్‌లో వదిలి, పొద్దున మళ్లీ వెతకండి. అప్పటికీ రాకపోతే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి. మామూలు టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో వెతికేటప్పుడు ఇండెక్సుతో పని లేదు, ప్రతి అక్షరాన్నీ చూస్తుంది, మాట మధ్యలో ఉన్నదీ దొరుకుతుంది. మరీ పొడవైన చాట్ అయితే పాత భాగం ఆ ఫైల్లోకి రాకపోవచ్చు. అప్పుడు క్యాలెండర్‌తో వెళ్లి, అడ్వాన్సు మెసేజ్‌ను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.