చైర్మన్ సందేశంపై దిద్దుబాటు కలం

కంపెనీ వార్షిక నివేదిక రెండు వందల పేజీలున్నా, మామూలు వాటాదారు తప్పకుండా చదివేది మొదట్లో ఫొటోతో వచ్చే చైర్మన్ సందేశమే. లెక్కల పేజీల్లా దాన్ని ఆడిటర్ ఆడిట్ చేయడు. తన లెక్కలతో పొంతన కుదరని మాటలేమైనా ఉన్నాయేమో చదివి చూడటం వరకే ఆయన బాధ్యత. అందుకే అచ్చుకు వెళ్లేముందు ప్రూఫ్ దిద్దేవారి చూపు ఈ పేజీ మీద ఎక్కువసేపు ఆగాలి.

ఈ నివేదికలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి. అయినా తప్పులు ఏ భాషలోనైనా ఒక్కటే. ఉదాహరణకు ఒక ఊహా కంపెనీ 2024–25 సందేశం తీసుకుందాం: “ఈ ఏడాది మన ఆదాయం 15 శాతం పెరిగి రూ.412 కోట్లకు చేరింది. నికర లాభం అసాధారణ రీతిలో దూసుకెళ్లి, రూ.34 కోట్లతో చరిత్రలోనే అత్యధికంగా నమోదైంది. రెండు రూపాయల తుది డివిడెండ్ ప్రకటించాం. కొత్త ప్లాంటు త్వరలో ఉత్పత్తి ప్రారంభిస్తుంది.”

ముందు అంకెలు. ప్రతి అంకె పక్కన, అది ఆర్థిక నివేదికలో ఏ పేజీ నుంచి వచ్చిందో పెన్సిల్‌తో రాసుకోవాలి. పేజీ నంబరు దొరకని అంకె అచ్చుకు వెళ్లకూడదు. రూ.412 కోట్లు దొరికింది. అంతకు ముందటి ఏడాది ఆదాయం రూ.365 కోట్లు. తేడా 47 కోట్లు, అంటే 12.9 శాతం. మరి 15 ఎక్కడిది? కంపెనీ తన ఒక్కదాని లెక్కలు వేరుగా, అనుబంధ సంస్థలను కలిపిన లెక్కలు వేరుగా ఇస్తుంది. ఒక్కదాని లెక్కలో ఆదాయం 300 కోట్ల నుంచి 345 కోట్లకు పెరిగింది. అది 15 శాతమే. రాసినవారు శాతాన్ని ఒక లెక్కలోంచి, మొత్తాన్ని ఇంకో లెక్కలోంచి తీసుకున్నారు. విడివిడిగా చూస్తే రెండూ నిజమే, కలిపి రాసిన వాక్యం మాత్రం తప్పు. సందేశాల్లో దొర్లే తప్పుల్లో పట్టుకోవడం కష్టమైనది ఇదే.

ఇక లాభం. 28 కోట్ల నుంచి 34 కోట్లకు, అంటే 21 శాతానికి పైగా పెరుగుదల. కానీ వివరణల పేజీలు తిరగేస్తే, పాత గోడౌన్ స్థలం అమ్మగా పన్ను పోను వచ్చిన 5 కోట్లు అందులో కలిసి ఉన్నాయి. అది తీసేస్తే వ్యాపారం మీద వచ్చిన లాభం 29 కోట్లు. పెరుగుదల నాలుగు శాతం కూడా లేదు. “అసాధారణ రీతిలో దూసుకెళ్లి” అన్న మాట అక్కడే కూలిపోతుంది. “చరిత్రలోనే అత్యధికం” అన్నదానికి అదే నివేదికలోని పదేళ్ల పట్టిక చూడాలి. అందులో 2017–18 లాభం రూ.36 కోట్లని ఉంటే ఆ మాట కొట్టేయడమే. గొప్పగా వినిపించే ప్రతి విశేషణాన్నీ ఇలాగే “దేనితో పోలిస్తే? ఏ పేజీలో ఉంది?” అని అడగాలి. జవాబు దొరికితే ఆ జవాబునే రాయాలి, విశేషణం అక్కర్లేదు. దొరకకపోతే రెండూ వద్దు.

క్రియల దగ్గర మరో చిక్కు. సందేశం మే నెలలో రాస్తారు, ఆగస్టులో అచ్చవుతుంది, వార్షిక సమావేశం సాధారణంగా సెప్టెంబరు 30లోపు జరుగుతుంది. చదివేవారికి “ఈ ఏడాది” అంటే మార్చి 31తో ముగిసిన ఏడాదా, ఇప్పుడు నడుస్తున్నదా తెలియదు. “2024–25లో” అని రాస్తే గొడవే లేదు. మేలో “త్వరలో ప్రారంభిస్తుంది” అన్న ప్లాంటు జులైలోనే మొదలై ఉండొచ్చు, లేదా వాయిదా పడి ఉండొచ్చు. కంపెనీ సెక్రటరీని అడిగి తేదీతో రాయాలి. “డివిడెండ్ ప్రకటించాం” అన్నది ఇంకా పెద్ద పొరపాటు. తుది డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు మాత్రమే చేస్తుంది, ప్రకటించేది సమావేశంలో వాటాదారులు. సిఫార్సు చేసినదాన్ని వారు తగ్గించగలరు, పెంచలేరు. సమావేశం జరగకముందే “ప్రకటించాం” అంటే వారి హక్కును ముందుగానే వాడేసినట్టు. మధ్యంతర డివిడెండ్ అయితే బోర్డే ప్రకటిస్తుంది కాబట్టి అక్కడ ఆ మాట సరైనదే.

ఇవేవీ ప్రూఫ్ దిద్దేవారు సొంతంగా మార్చేయకూడదు. మాట చైర్మన్‌ది. పేజీ నంబరుతో సహా ప్రశ్నను మార్జిన్‌లో రాసి సెక్రటరీకి పంపాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మార్చాలి. దిద్దాక మన పేరా ఇలా ఉంటుంది: “2024–25లో అనుబంధ సంస్థలతో కలిపి మన ఆదాయం 12.9 శాతం పెరిగి రూ.412 కోట్లకు చేరింది. నికర లాభం రూ.34 కోట్లు. ఇందులో స్థలం అమ్మకం ద్వారా వచ్చినవి రూ.5 కోట్లు. షేరుకు రెండు రూపాయల తుది డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు చేసింది. కొత్త ప్లాంటులో జులైలో ఉత్పత్తి మొదలైంది.”

మీ చేతిలో ఏ కంపెనీ షేర్లయినా ఉంటే, ఈసారి నివేదిక వచ్చినప్పుడు సందేశంలోని లాభం అంకెను లాభనష్టాల ఖాతాతో, దాని కింది వివరణలతో ఒకసారి సరిచూసుకోండి. తేడా కనిపిస్తే సమావేశంలో అడగండి. ఆ హక్కు ఒక్క షేరు ఉన్నవారికీ ఉంది.