అడ్డుమాటకు మారుమాట

అష్టావధాన సభకు వెళ్ళిన వారందరికీ అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు పరిచయమే. అవధాని సమస్యను పూరిస్తూ, నిషేధాక్షరిని దాటుకుంటూ, దత్తపదిని మనసులో పెట్టుకుని వున్న సమయంలో ఆయన మధ్యలో దూరి, సంబంధం లేని ప్రశ్న ఒకటి విసురుతాడు. అవధాని ధార తప్పకూడదు, జవాబులో చమత్కారం వుండాలి, అడిగినవాడి మనసు నొప్పించకూడదు. సభలో అందరికంటె ముందు ఆ పృచ్ఛకుడే నవ్వితే జవాబు నెగ్గినట్లు లెక్క.

ఈ పాత విద్యకు కొత్త బంధువు ఒకటి చెన్నపట్నంలో కనబడుతున్నది. దాని పేరు స్టాండప్ కామెడీ. ఒక మనిషి, ఒక మైకు, ఎదుట నలభై యాభై కుర్చీలు. వేషం లేదు, హార్మోనియం లేదు, తోడు హాస్యగాడు లేడు. ఈ వూళ్ళో 2003లో కార్తీక్ కుమార్, సునీల్ విష్ణు కలసి స్థాపించిన ‘ఎవమ్’ నాటక సంస్థ తరువాతి కాలంలో ఈ హాస్యానికీ వేదికలు కల్పించింది. కొత్తవారు తమ హాస్యాన్ని పరీక్షించుకునే సభలను ఓపెన్ మైక్ అంటారు. కాఫీ హోటలు మేడ మీదనో, చిన్న హాలులోనో జరుగుతాయి. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు ఇస్తారు. సమయం ముగియవస్తున్నదని తెలపడానికి వెనుక నుంచి ఎవరో సెల్‌ఫోను దీపం చూపిస్తారు.

రాసుకున్న హాస్యం వదలి, ఎదుట కూర్చున్నవారితో అప్పటికప్పుడు మాట కలిపి నవ్వించడాన్ని ఈ కళాకారులు క్రౌడ్ వర్క్ అంటారు. పిలవకుండా మధ్యలో అరిచేవాడు హెక్లర్. స్కాట్లండులోని డండీ పట్టణంలో అవిసె నారను ముళ్ళ దువ్వెనతో దువ్వే పనివారికి వున్న పేరది. సభలలో వక్తలను మాటలతో దువ్వేవారికి ఆ పేరే సంక్రమించిందని చెబుతారు. అవధానంలో పృచ్ఛకుడిని మనమే పిలిచి, శాలువ కప్పి కూర్చోబెడతాము. ఇక్కడ ఆయన టిక్కెట్టు కొని తనంతట తానే వస్తాడు. తేడా అంతే.

నుంగంబాక్కంలో ఒక చిన్న హాలులో మేము చూచిన సంగతి చెబుతాము. ఒంగోలు నుంచి వచ్చి కంప్యూటరు కంపెనీలో చేరి ఎనిమిది నెలలయిన కుర్రవాడు తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడడానికి నిలుచున్నాడు. ముందు వరుసలో భార్యతో కూర్చున్న ఒక పెద్దాయనను, “సార్, మీరేం చేస్తుంటారు?” అని అడిగాడు. ఆయన కొంచెం ఆగి, “ప్రస్తుతం ఏమీ లేదు బాబూ” అన్నాడు. కుర్రవాడు వెంటనే, “అయితే అమ్మగారు సంపాదిస్తే మీరు టిక్కెట్లు కొంటున్నారన్నమాట!” అన్నాడు.

వెనుక వరుసలు గొల్లున నవ్వాయి. ముందు వరుస నవ్వలేదు. ఆయన నవ్వినట్లు పెదవులు కదిపి భార్య వంక చూశాడు. ఆవిడ చేతిసంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. మరి రెండు నిమిషాలకు ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత కుర్రవాడు ఎంత మంచి మాట చెప్పినా ఆ వైపు నుంచి నవ్వు రాలేదు. ఆ పెద్దాయన వుద్యోగం ఊడిపోయి మూడు నెలలయిందని గుమ్మం దగ్గర ఆయన స్నేహితుడొకరు చెప్పగా విని, ఆ కుర్రవాడు చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

తప్పు ఎక్కడ జరిగింది? ప్రశ్నలో కాదు. “ఏం చేస్తుంటారు?” అన్నది లోకమంతటా వాడే ప్రశ్నే. అమెరికాలో పౌలా పౌండ్‌స్టోన్ అనే హాస్యనటీమణి ఏళ్ళ తరబడి ఆ ఒక్క ప్రశ్నతోనే ప్రేక్షకులను పలకరిస్తూ వచ్చింది. తప్పు వినడంలో జరిగింది. ఆయన జవాబుకు ముందు ఆగిన ఆ క్షణమే అసలు జవాబు. “ప్రస్తుతం” అన్న మాటలో బాధ వున్నది. కుర్రవాడి చెవి అక్కడ లేదు. తాను తరువాత అనబోయే మాట మీద వున్నది.

మరి నెలన్నరకు అదే హాలులో అతనినే మళ్ళీ చూశాము. ఈసారి పైకి రాకముందే గోడవార నిలబడి ముందు వరుసను పరికించాడు. చేతులు కట్టుకుని వెనుకకు వాలినవారిని వదిలేశాడు. ముందుకు వంగి, ముందు మాట్లాడినవారికి నవ్వుతూ వున్న ఒక పెద్దావిడను మనసులో ఎంచుకున్నాడు. మొదటి నిమిషం రాసుకున్న హాస్యమే చెప్పాడు. సభకు తన మీద కొంత నమ్మకం కుదిరిన తరువాతనే ఆవిడ వైపు తిరిగాడు.

“అమ్మా, మీది ఏ వూరండీ?”

“ఏలూరు.”

“అమ్మగారిది ఏలూరట!” అని మైకులో అందరికీ వినబడేలా చెప్పాడు. ఇది చిన్న సంగతిగా తోస్తుంది గాని చాలా ముఖ్యం. మైకు వున్నది అతని చేతిలో. ఆవిడ మాట మూడో వరుస దాటదు. జవాబు తిరిగి చెప్పకపోతే వెనుకవారు వేరయిపోతారు. పైగా, తిరిగి చెప్పే ఆ రెండు క్షణాలలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

“చెన్నై వచ్చి ఎన్నేళ్ళయిందమ్మా?”

“నలభై ఏళ్ళు.”

“నలభై ఏళ్ళు! అయినా వూరేదంటే ఏలూరే. నేను వచ్చి తొమ్మిది నెలలు. మా ఇంటి ఓనరు ‘ఎంద ఊరు?’ అంటే, కొత్తవాడినని తెలిస్తే అద్దె పెంచుతాడేమోనని ‘చెన్నై’ అంటున్నాను. నా తమిళం విని ఆయన అద్దె పెంచాడు!”

సభ నవ్వింది. ఆవిడ అందరికంటె ముందు నవ్వింది. దెబ్బ ఎవరికి తగిలిందో గమనించండి. ఆవిడది అభిమానమయింది, తనది పిరికితనమయింది. అతను అడిగినవి రెండే ప్రశ్నలు, రెండూ ఒక్క మాటలో జవాబు చెప్పగలిగినవి. ఏ జవాబు వచ్చినా దిగడానికి ఒక మెట్టు ముందే కట్టుకున్నాడు. ఆవిడ “ఇక్కడే పుట్టాను” అని వుంటే, తన తమిళం దిద్దమని వేడుకునే మాట సిద్ధంగా వుందట. ఏదీ అతకకపోతే, “థాంక్సమ్మా” అని నవ్వి తన హాస్యంలోకి వెళ్ళిపోవాలి. ఐదు నిమిషాలలో ఒక నిమిషానికి మించి కొత్తవారు దీనికి ఖర్చు చేయరాదు.

అడగకూడనివి కొన్ని వున్నవి. జీతం, పెళ్ళి, పిల్లలు, ఒంటి రంగు, లావు, పక్కన కూర్చున్నది ఎవరు అనేవి వద్దు. మన తెలుగువారి సభలో ఇంటిపేరు కూడా అడగరాదని మా అభిప్రాయం. ఇంటిపేరు చెప్పగానే పదిమంది మనసులో కులం లెక్కవేస్తారు. ఆ తరువాత ఎంత అమాయకమైన మాట అన్నా మరో అర్థం వస్తుంది.

ఆనాడే అడ్డుమాట కూడా వచ్చింది. మూడో నిమిషంలో వెనుక నుంచి ఒకాయన, “ఇది వాట్సాప్‌లో చూశాం!” అని కేక వేశాడు. కుర్రవాడు ఒక్క క్షణం ఆగాడు. “వెనుక సార్ ఇది వాట్సాప్‌లో చూశారట. నిజమే సార్, మా అమ్మే పంపి వుంటుంది. ఆవిడ నా జోకులు నాకు తప్ప అందరికీ పంపుతుంది” అన్నాడు. ఆయనా నవ్వాడు. ఇట్లాంటి కేకలలో చాలామటుకు పగ వుండదు. తానూ ఆటలో వున్నానని చెప్పుకునే వుత్సాహమే వుంటుంది. ఒక మంచి మాట దక్కితే చాలామంది అక్కడితో తృప్తిపడతారు.

ఈయన తృప్తిపడలేదు. కొంచెం సేపటికి, “ఇంకోటి చెప్పవయ్యా!” అన్నాడు. “చెబుతాను సార్. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. అందుకే భయంగా వుంది” అన్నాడు కుర్రవాడు. మూడోసారి ఆయన మళ్ళీ అందుకోగానే, ఈసారి జోకు వేయలేదు. గొంతు తగ్గించి, “సార్, నాకింక రెండు నిమిషాలే వున్నాయి. అవి నాకివ్వండి. కిందకు దిగాక కాఫీ తాగుతూ మీరు చెప్పండి, నేను వింటాను” అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆయన వూరకున్నాడు.

మూడు మెట్లు వరుసగా ఎక్కాడని పాఠకులు గ్రహించే వుంటారు: మొదట ఆటగా, తరువాత మెత్తగా, చివరకు సూటిగా. మొదటి మెట్టు మీదనే కత్తి దూస్తే సభ అడ్డుమాట వేసినవాడి పక్షం చేరుతుంది. ఎందుకంటె మైకు, దీపం, ఎత్తయిన వేదిక అన్నీ కళాకారుడివే. బలవంతుడు బలహీనుణ్ణి కొడితే చూడడానికి బాగుండదు. నాలుగో మెట్టు కళాకారుడిది కాదు, సభ నడిపేవారిది. తాగి వచ్చినవాడితో తర్కం పనికిరాదు. నిర్వాహకుడు వెళ్ళి చెవిలో చెప్పి బయటికి తీసుకుపోవాలి.

కోపం అదుపు తప్పితే ఏమవుతుందో 2006 నవంబరులో లోకమంతా చూసింది. లాస్ ఏంజిలెస్‌లోని లాఫ్ ఫ్యాక్టరీలో మైకేల్ రిచర్డ్స్ అనే పేరు మోసిన నటుడు, మధ్యలో మాట్లాడిన నల్లజాతి ప్రేక్షకులను జాతిపేరుతో తిట్టాడు. ఎవరో దానిని వీడియో తీశారు. తరువాత టెలివిజనులో క్షమాపణ చెప్పుకున్నా ఆ మచ్చ పోలేదు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. “అట్లా అనకండి” అని ఎవరైనా అంటే, అది అడ్డుమాట కాదు, గాయం. దానికి చమత్కారం మందు కాదు. “క్షమించండి, పొరపాటయింది” అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగాలి. అట్లాగే, ఈ సంభాషణల వీడియోలు ఇంటర్నెట్టులో విరివిగా తిరుగుతున్నవి. రాసుకున్న హాస్యం బయటపెడితే మళ్ళీ సభలో పనికిరాదు గనుక, కళాకారులు ఇవే ఎక్కువగా పెడతారు. ముందు వరుసలో కూర్చున్నవారు యాభైమంది ఎదుట నవ్వడానికి ఒప్పుకున్నారు గాని, లోకం ఎదుట కాదు. పెట్టేముందు వారిని అడగడం మర్యాద.

కుర్రవాడి చివరి కథ మాధవరం బస్‌స్టాండులో మొదలయింది. రాత్రి ఒంగోలు బస్సెక్కి నిద్రపోయాడట. కండక్టరు లేపి ఎక్కడ దిగాలంటే, “నిద్రమత్తులో నోటికి వచ్చింది ఏలూరు!” అన్నాడు. ముందు వరుసలో పెద్దావిడ పగలబడి నవ్వింది. ఆవిడ ఇచ్చిన మాటను దాచి, చివరకు ఆవిడకే కానుకగా తిరిగి ఇచ్చాడు.

సభ ముగిసిన తరువాత వెనుక కేకలు వేసినాయన నిజంగానే కాఫీకి నిలబడ్డాడు. ఆయనకు కుర్రవాడే డబ్బిచ్చాడు. మేము దిగి వచ్చేటప్పటికి ఆయన తన జోకు చెబుతున్నాడు. అది నిజంగా పాతదే. కుర్రవాడు మాత్రం చివరివరకు విని, నవ్వాడు.