ఏ నెలలో, ఎన్నో ఆదివారం?

2023లో నార్వే పిల్లలు ఫిబ్రవరి 12న మదర్స్ డే జరుపుకున్నారు. లండన్‌లో అది మార్చి 19న వచ్చింది. హైదరాబాద్‌లోనూ న్యూయార్క్‌లోనూ మే 14న, పారిస్‌లో జూన్ 4న జరిగింది. అర్జెంటీనా తల్లులు మాత్రం అక్టోబర్ 15 దాకా ఆగారు. ఇవన్నీ వేర్వేరు నెలలే అయినా అన్నీ ఆదివారాలే. తేదీ ఏటా మారుతుంది, వారం మారదు. ఈ ఏర్పాటు వెనుక ఒక కూతురి దుఃఖం ఉంది, చర్చి క్యాలెండర్ ఉంది, వ్యాపారుల లెక్కలు కూడా ఉన్నాయి.

ముందుగా ఆ కూతురి సంగతి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాకు చెందిన ఆన్ రీవ్స్ జార్విస్ 1905 మే 9న చనిపోయారు. ఆమె ఊరూరా తల్లులను కూడగట్టి పరిశుభ్రత, పిల్లల ఆరోగ్యం కోసం సంఘాలు నడిపిన మనిషి. గ్రాఫ్టన్ అనే చిన్న పట్టణంలోని మెథడిస్ట్ చర్చిలో ఏళ్ల తరబడి సండే స్కూల్ పాఠాలు చెప్పారు. తల్లుల పేరిట ఏడాదికో రోజు ఉండాలన్నది ఆమె కోరిక. దాన్ని నెరవేర్చే పనిని కూతురు అన్నా జార్విస్ తలకెత్తుకుంది. 1908 మే 10న అదే చర్చిలో తల్లుల కోసం ప్రార్థన జరిగింది. అమ్మకు ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 దాకా అన్నా అక్కడికి పంపింది.

తల్లి పోయిన మే 9 ఉండగా, రెండో ఆదివారం ఎందుకు? 1905లో ఆ తేదీ మంగళవారం పడింది. అప్పట్లో అమెరికా కార్మికులకు వారంలో ఆరు రోజులు పని ఉండేది. ఊరంతా ఒకచోట చేరేది చర్చిలో, అదీ ఆదివారం పూట. మంగళవారమో గురువారమో పెట్టిన రోజు ఆ కాలంలో నిలబడేది కాదు. రెండో ఆదివారం ఏ సంవత్సరమైనా 8 నుంచి 14 తేదీల మధ్యే వస్తుంది. కాబట్టి అమ్మ పోయిన రోజుకు అయిదు రోజులకు మించి ఎప్పుడూ దూరం పోదు. మన ఇళ్లలో తద్దినం తిథిని బట్టి పెడతారు, ఇంగ్లిష్ తేదీ ఏటా మారినా ఎవరూ పట్టించుకోరు. అన్నా జార్విస్‌కు తిథి స్థానంలో వారం దొరికింది. 1914లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేయగా, అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని మదర్స్ డేగా ప్రకటించారు.

ఫాదర్స్ డే కథ ఇంకొంచెం చిత్రమైనది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ 1909లో మదర్స్ డే ప్రసంగం విన్నది. తల్లి పోయాక ఆరుగురు పిల్లలను ఒంటిచేత్తో పెంచిన తన తండ్రికి కూడా ఇలాంటి గౌరవం దక్కాలనుకుంది. ఆయన పుట్టినరోజు జూన్ 5 కనుక ఆ రోజే పెట్టమని ఊళ్లోని పాస్టర్లను అడిగింది. ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి వ్యవధి చాలదని వాళ్లు రెండు వారాలు వెనక్కి జరిపారు. అలా 1910 జూన్ 19, ఆ నెల మూడో ఆదివారం, స్పోకేన్‌లో మొదటి ఫాదర్స్ డే అయింది. ఇవాళ మన దేశంతో సహా ఎన్నో దేశాలు పాటించే ఆ ఆదివారం వెనుక ఉన్నది కొందరు పాస్టర్లకు కావలసిన గడువు! చట్టం మాత్రం నిక్సన్ సంతకంతో 1972లో గానీ రాలేదు. తల్లుల రోజుకు ఆరేళ్లలో దొరికిన గుర్తింపు తండ్రుల రోజుకు అరవై ఏళ్లు దాటాక వచ్చింది.

బ్రిటన్ దారి వేరు. అక్కడి మదరింగ్ సండే అమెరికా పండుగ కంటే చాలా పాతది. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ దినాల్లో నాలుగో ఆదివారం అది, అంటే ఈస్టర్‌కు సరిగ్గా మూడు వారాల ముందు. ఇళ్లకు దూరంగా పనివాళ్లుగా కుదిరిన ఆడపిల్లలు, కుర్రాళ్లు ఆ రోజు సెలవు దొరికి సొంత ఊరి చర్చికి, తల్లి దగ్గరికి వెళ్లేవారు. మరుగునపడుతున్న ఈ ఆచారాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాన్‌స్టన్స్ పెన్స్‌విక్ స్మిత్ పట్టుబట్టి నిలబెట్టారు. అమెరికాలో మొదలైన ఉద్యమం గురించి చదివాకే, మన దగ్గరున్న రోజును మనం బతికించుకోవాలని ఆమెకు తట్టింది. ఈస్టర్ వసంత కాలపు పౌర్ణమిని బట్టి కదులుతుంది కనుక దీని తేదీ మార్చి 1 నుంచి ఏప్రిల్ 4 దాకా ఎక్కడైనా పడవచ్చు. 2024లో మార్చి 10న వచ్చింది, మరుసటి ఏడాది మార్చి 30కి వెళ్లింది.

ఫ్రాన్స్ అయితే ఏకంగా చట్టంలోనే మినహాయింపు రాసుకుంది. 1950 నాటి చట్టం ప్రకారం మే నెల చివరి ఆదివారం మదర్స్ డే. అయితే అదే రోజు పెంతెకొస్తు పండుగ పడితే జూన్ మొదటి ఆదివారానికి జరుగుతుంది. 2023నే చూద్దాం. ఈస్టర్ ఏప్రిల్ 9. దానికి 49 రోజులు కలిపితే పెంతెకొస్తు మే 28, అదే మే చివరి ఆదివారం. అందుకే పారిస్‌లో పువ్వులు జూన్ 4న అమ్ముడుపోయాయి. 2024లో పెంతెకొస్తు మే 19కే వచ్చేసింది, కాబట్టి మదర్స్ డే మే 26న మామూలుగా జరిగింది.

అందరూ ఆదివారాన్నే పట్టుకోలేదు. మెక్సికోలో వారంతో పని లేదు, మే 10 అంటే మే 10. థాయ్‌లాండ్ రాణి సిరికిత్ పుట్టినరోజైన ఆగస్టు 12ను తీసుకుంది. జర్మనీలో ఫాదర్స్ డే గురువారం వస్తుంది, ఎందుకంటే అది క్రీస్తు ఆరోహణ పండుగ రోజు, పైగా అక్కడ సెలవు. మన పొరుగున నేపాల్‌లో తల్లుల రోజును వైశాఖ అమావాస్య నిర్ణయిస్తుంది. వ్యాపారం చేతివాటం కూడా తక్కువేం కాదు. బ్రెజిల్‌లో ఫాదర్స్ డే 1953లో ఆగస్టు 16న మొదలైంది. అది మరియమ్మ తండ్రి యోవాకీము పండుగ రోజు, ఆ ఏడు ఆదివారం కూడా. తర్వాత దుకాణాలకూ కుటుంబాలకూ వీలుగా ఆగస్టు రెండో ఆదివారానికి స్థిరపడింది.

ఇండియాలో ఈ రెండు రోజులకూ చట్టం లేదు. గ్రీటింగ్ కార్డులు, టీవీ, పత్రికల వెంట అమెరికా లెక్కే మనకు అలవాటైంది. ఆ లెక్కలో మనవాళ్లు తడబడే చోటు ఒకటుంది. రెండో శనివారం ఆఫీసులకు సెలవు కనుక, దాని మర్నాడే రెండో ఆదివారమని చాలామంది అనుకుంటారు. నెల ఆదివారంతో మొదలైతే ఇది తప్పుతుంది. 2022 మే 1 ఆదివారం. రెండో ఆదివారం 8న వచ్చింది, రెండో శనివారం 14న. శనివారాన్ని నమ్ముకున్నవాళ్లు 15న శుభాకాంక్షలు చెప్పి ఉంటారు, వారం ఆలస్యంగా. నాలుగో ఆదివారం, చివరి ఆదివారం కూడా ఒకటి కావు. 2026 మేలో అయిదు ఆదివారాలున్నాయి, నాలుగోది 24, చివరిది 31.

పిల్లలు విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. లండన్‌లో చదువుకునే మనవడు స్కూల్లో చేసిన కార్డు మార్చిలోనే అమ్మ చేతికి వస్తుంది. మెల్‌బోర్న్ పిల్లలు నాన్నకు సెప్టెంబర్ మొదటి ఆదివారం కానుక ఇస్తారు, ఎందుకంటే ఆస్ట్రేలియా ఫాదర్స్ డే అప్పుడే. జూన్‌లో ఫోన్ రాలేదని ఇక్కడి తాతయ్యలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పిల్లలున్న దేశం క్యాలెండర్ ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.