ఎక్స్‌పైరీ డేట్ లేని చిరునామా

తెలిసినవాళ్ల హోల్‌సేల్ మందుల దుకాణంలో ఆర్డర్లన్నీ ఒక వెబ్‌సైట్‌లోనే ఎక్కిస్తారు. ఒక శనివారం రాత్రి ఆ సైట్‌ను పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మార్చారు. సోమవారం అంతా బాగానే నడిచింది. మంగళవారం సాయంత్రం గోడౌన్ కుర్రాడు పైకొచ్చి, "అన్నా, రెండ్రోజులుగా మీ కౌంటర్ నుంచి ఒక్క ఆర్డరూ రాలేదేంటి?" అని అడిగాడు. కౌంటర్‌లో ఆయన మాత్రం రోజూలాగే ఆర్డర్లు ఎక్కిస్తూనే ఉన్నాడు. సైట్ తెరుచుకుంటోంది, పాస్‌వర్డ్ పనిచేస్తోంది, ఆర్డర్ నంబరూ వస్తోంది. కాకపోతే అవన్నీ పాత సర్వర్‌లోకి వెళ్తున్నాయి. ముందుజాగ్రత్తగా దాన్ని వారం రోజులు ఆపకుండా ఉంచారు. అందుకే ఏ ఎర్రరూ రాలేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

మిగతా నాలుగు కంప్యూటర్లకు లేని జబ్బు దీనికొక్కదానికే ఎందుకు?

మనం సైట్ పేరు టైప్ చేస్తాం. కంప్యూటర్‌కు కావలసింది ఐపీ అడ్రస్ అనే నంబరు. ఆ పేరుకు ఏ నంబరో డీఎన్ఎస్ సర్వర్ చెబుతుంది. ప్రతిసారీ అడగకుండా కంప్యూటర్ ఆ జవాబును కొంతసేపు దాచుకుంటుంది. అదే క్యాష్. ఎంతసేపు దాచుకోవచ్చో జవాబులోనే సెకన్లలో రాసి ఉంటుంది. దాన్ని టీటీఎల్ అంటారు. 3600 అని ఉంటే గంట. మందు స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ లాంటిదే. గడువు దాటాక మళ్లీ అడిగి తెలుసుకోవాల్సిందే.

డీఎన్ఎస్‌ను అడగడానికి ముందు కంప్యూటర్ చూసే చోటు ఇంకొకటి ఉంది, హోస్ట్స్ ఫైల్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ రోజుల్లో అందరి పేర్లూ నంబర్లూ ఒకే ఫైల్లో ఉండేవి. ఎవరికివారు దాన్ని కాపీ చేసుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది సాగక, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు. ఆ పాత పద్ధతి తాలూకు ఫైల్ మాత్రం నేటికీ ప్రతి కంప్యూటర్‌లో ఉంది. అందులో రాసిన వరుసకు ఎక్స్‌పైరీ లేదు. మనిషి చేత్తో రాసింది, మనిషే చెరిపేదాకా చెల్లుతుంది.

కౌంటర్ కంప్యూటర్‌లో తప్పు ఎక్కడుందో రెండు కమాండ్లు తేల్చాయి. పేరూ నంబర్లూ ఇక్కడ మార్చి రాస్తున్నాను.

```
nslookup orders.example.com
ping orders.example.com
```

మొదటిది నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ జోలికి పోదు. అది కొత్త నంబరు 198.51.100.25 చెప్పింది. రెండోది బ్రౌజర్‌లాగే కంప్యూటర్ సొంత దారిలో వెతుకుతుంది. అది పాత నంబరు 203.0.113.10 చూపించింది. బయటి డైరెక్టరీ సరిగ్గానే ఉంది, తప్పు ఈ కంప్యూటర్ లోపలే ఉందన్నమాట. సర్వర్ పింగ్‌కు బదులివ్వకపోయినా కంగారు లేదు, మనకు కావలసింది పేరు పక్కన కనిపించే నంబరే. ఒకవేళ మొదటి కమాండే పాత నంబరు చెబితే, క్యాష్ రౌటర్‌లోనో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ దగ్గరో ఉన్నట్టు. అప్పుడు గడువు తీరేదాకా ఆగాలి. రెండూ కొత్తదే చెబుతుంటే బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవాలి.

ముందు క్యాష్ తుడిచి చూశారు.

```
ipconfig /flushdns
```

మళ్లీ పింగ్ చేస్తే అదే పాత నంబరు! క్యాష్ ఖాళీ అయినా మారలేదంటే ఇక మిగిలింది హోస్ట్స్ ఫైలే. విండోస్‌లో అది ఉండే చోటు C:\Windows\System32\drivers\etc. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే మార్పు సేవ్ కాదు. ఫైల్ పేరు చివర .txt ఉండదు కాబట్టి ఓపెన్ చేసేటప్పుడు All Files ఎంచుకోకపోతే అసలు కనబడదు. తెరిస్తే చిట్టచివర ఈ వరుస ఉంది.

```
203.0.113.10  orders.example.com
```

రాసింది సైట్ చేసిపెట్టిన కుర్రాడే. రెండేళ్ల కిందట సైట్‌ను ఇప్పటి 'పాత' సర్వర్‌కు మార్చినప్పుడు, అందరికీ తెరవకముందే తాను ఒక్కడే పరీక్షించుకోవడానికి ఈ కంప్యూటర్‌లో రాసుకున్నాడు. పని అయ్యాక చెరపడం మరిచాడు. డీఎన్ఎస్ కూడా అదే నంబరు చెప్పినన్నాళ్లూ ఆ మరుపు బయటపడలేదు. ఆ వరుస ముందు # పెట్టి సేవ్ చేయగానే పింగ్ కొత్త నంబరు చూపించింది. పాత సర్వర్‌లో ఇరుక్కున్న ఆర్డర్లను మాత్రం చేత్తో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

సర్వర్ మార్చబోయేవాళ్లు ఒకట్రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించుకుంటారు. మంచి అలవాటే, కానీ హోస్ట్స్ ఫైల్ మీద దాని ప్రభావం సున్నా. మార్చిన రోజున పాత సర్వర్‌లో కొత్త ఆర్డర్లు ఎక్కకుండా ఆపేయండి. దారి తప్పిన కంప్యూటర్ ఏదో ఆ గంటలోనే ఎర్రర్ చూపించి తనంతట తనే పట్టుబడుతుంది.