ఏడు కిలోల్లో వారం రోజుల ఆఫీసు ప్రయాణం

ఆదివారం హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లి, ఐదు రోజులు మీటింగులు చూసుకుని శనివారం తిరిగి రావాలి. దేశీయ విమానాల ఎకానమీలో క్యాబిన్ బ్యాగుకు సాధారణంగా 7 కిలోలే పరిమితి. ఖాళీ ట్రాలీ రెండున్నర, ల్యాప్‌టాప్, ఛార్జర్ మరో రెండు అనుకుంటే మిగిలేది రెండున్నర. అందుకే బట్టలు మడతపెట్టే ముందు కాగితం మీద గళ్లు గీయాలి.

పైన రెండు ప్యాంట్లు రాయండి: నేవీ బ్లూ, బూడిద. పక్కన నాలుగు చొక్కాలు: తెలుపు, లేత నీలం, లేత గులాబీ, సన్నగీతలది. నప్పిన ప్రతి గడిలో టిక్కు పెట్టండి. అన్నీ కుదిరితే ఎనిమిది జతలు. ఒక్క ప్యాంటుకే నప్పే చొక్కా ఎంత ఇష్టమైనా ఇంట్లో ఉండాల్సిందే. దాని కోసం ఇంకో ప్యాంటు, ఆ ప్యాంటు కోసం ఇంకో బెల్టు, ఆఖరికి ఇంకో జత బూట్లు బయల్దేరతాయి!

కోటు దగ్గరే చాలామంది బోల్తాపడతారు. నేవీ ప్యాంటు మీద వేరే తానులోని నేవీ కోటు వేస్తే సూటు సగం వెలిసినట్టు కనిపిస్తుంది. ఆ ప్యాంటుతో కలిపి కుట్టించిన కోటైతే దానితో సూటు, బూడిద ప్యాంటుతో బ్లేజరు. కోటు, బూట్లు ఒంటిమీదే విమానం ఎక్కించండి.

సోమవారం చొక్కా ఆ రాత్రే ఉతికితే శుక్రవారానికి సిద్ధం. ముంబై వానల్లో మందపాటి కాటన్ ఆరడం కష్టం. కాలరు, కఫ్ చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.